పాత పెళ్లి ఫొటోకు రంగులు: లేయర్ల ప్యానెల్‌లో ఒక్కో వరుసకు ఒక్కో మోడ్ ఎందుకు?

సుజాత_గోదావరి

1966లో స్టూడియోలో తీయించుకున్న అమ్మమ్మ, తాతయ్యల పెళ్లి ఫొటో ఇది. నలుపు తెలుపు. దానికి రంగులు వేయాలని జింప్ 2.10లో కూర్చున్నాను. మా పెదనాన్న గారి అబ్బాయి ఎప్పుడో ఇదే ఫొటోకు చక్కగా రంగులు వేశాడు కానీ, ఆ ఫైలు పాత కంప్యూటరుతోపాటే పోయింది. అప్పట్లో అతను తీసుకున్న లేయర్ల ప్యానెల్ స్క్రీన్‌షాట్ ఒక్కటే మిగిలింది. దాన్ని జత చేశాను. ఫోనులో చూసేవారికి అక్షరాలు ఆనవని పై నుంచి కిందికి ఉన్న వరుసలోనే ఇక్కడ రాస్తున్నాను. అంకె ఒపాసిటీ.

```
బొట్టు         Screen       100
జరీ అంచు      Multiply      60
చీర            HSL Color     70   మాస్క్
చర్మం          HSL Color     45   మాస్క్
ముదురు నకలు   Multiply      50   మాస్క్
స్కాన్         Normal       100
```

ఒక్క ఫొటోలో ఇన్ని మోడ్‌లు ఎందుకు? అన్నీ రంగులు వేయడానికే కదా, అన్నింటికీ ఒకటే పెడితే ఏమవుతుంది? కొన్ని వరుసల్లో బొమ్మ పక్కన ఇంకో చిన్న గడి ఉంది, అందులో నలుపు తెలుపు మచ్చలు కనిపిస్తున్నాయి. అదేమిటో తెలియడం లేదు.

ఇంకో చిక్కు. నేను ఎరుపు ఎంచుకుని గీస్తే బూడిద రంగు పడుతోంది. ఒక లేయరులోనైతే అదీ పడడం లేదు, అంతకుముందు వేసిన రంగు కాస్తా పలచబడుతోంది.

తొలకరి

రంగు బదులు బూడిద వస్తోందంటే ప్రింటరులో రంగు సిరా అయిపోయి ఉంటుంది. కార్ట్రిజ్ మార్చి చూడండి. మా ఆఫీసులో అదే జరిగింది.

సుజాత_గోదావరి

ప్రింటు దాకా వెళ్లలేదండీ. తెర మీదే ఇలా వస్తోంది.

స్టూడియో_బాబాయి

నువ్వు చెప్పిన రెండూ ఒకే జబ్బులా కనిపిస్తాయి కానీ కారణాలు వేరమ్మా. ముందు మొదటిది చూద్దాం. విండో పై పట్టీలో ఫైలు పేరు పక్కన Grayscale అని ఉందా, RGB color అని ఉందా? నలుపు తెలుపు ఫొటోను స్కానరు చాలాసార్లు గ్రేస్కేల్‌గానే భద్రపరుస్తుంది. ఆ ఫైలులో రంగుకు చోటే ఉండదు. ఎంత ఎర్రటి ఎరుపు ఎంచుకున్నా దాని వెలుగుకు తగిన బూడిదే పడుతుంది. `Image > Mode > RGB` నొక్కు. ఫొటో చూడడానికి ఏమీ మారదు కానీ ఆ తర్వాత రంగు పడుతుంది.

రెండోది మాస్క్ వ్యవహారం. మొదటిది సరయ్యాక చెబుతాను.

సుజాత_గోదావరి

Grayscale అనే ఉంది బాబాయ్ గారూ! మార్చాను, ఎరుపు పడింది. చీర లేయరులో మాత్రం ఇప్పటికీ పలచబడుతూనే ఉంది.

పిక్సెల్_పంతులు

మీరు మాస్క్ మీద గీస్తున్నారు. మాస్క్ అంటే ఎరేజరే. నలుపుతో గీస్తే లేయరు చెరిగిపోతుంది. రెండో గడిని వదిలి మొదటి గడి మీద నొక్కి గీయండి, సమస్య తీరుతుంది.

స్టూడియో_బాబాయి

పంతులు గారు జబ్బు సరిగ్గానే పట్టారు. ఎరేజర్ అన్న మాటతో మాత్రం నేను ఏకీభవించను. ఎరేజరుతో తీసేసింది ఫైలు మూశాక తిరిగి రాదు. మాస్క్‌లో నలుపు వేసినచోట రంగు దాక్కుంటుంది, అంతే. ఏడాది తర్వాత తెరిచి అక్కడే తెల్లటి కుంచె తిప్పితే మళ్లీ బయటికొస్తుంది. నలుపు దాస్తుంది, తెలుపు చూపిస్తుంది, మధ్యలోని బూడిద సగం సగం చూపిస్తుంది.

అమ్మాయ్, నీకు జరిగింది ఇది. మాస్క్ ఎప్పుడూ గ్రేస్కేలే, ఫైలు ఆర్‌జీబీ అయినా సరే. దాని మీద ఎరుపుతో గీస్తే ఎరుపుకు సరిపడే బూడిద పడింది. ఆ బూడిద చీర రంగును కొంత దాచింది. నువ్వు చూసిన పలచబడడం అదే. రెండు గడుల్లో దేని చుట్టూ తెల్లటి గీత ఉంటే కుంచె దాని మీద పనిచేస్తుంది. గీసేముందు ఆ గీత ఎక్కడుందో ఒకసారి చూసుకోవడం అలవాటు చేసుకో. చెడినదాన్ని సరిచేయడానికి మాస్క్ గడి నొక్కి, D నొక్కితే నలుపు తెలుపు రంగులు వస్తాయి, X నొక్కితే అవి తారుమారవుతాయి. తెలుపుతో చీర మీద తిప్పు.

డల్లాస్_శారద

నేను ఫొటోపీ వాడతాను, బ్రౌజరులోనే తెరుచుకుంటుంది. అందులోనూ మాస్క్ పద్ధతి ఇదే. ఆల్ట్ పట్టుకుని మాస్క్ గడి నొక్కితే ఫొటో పోయి మాస్క్ ఒక్కటే తెరంతా కనిపిస్తుంది. పొరపాటున పడిన చుక్కలు, వదిలేసిన ఖాళీలు అప్పుడే దొరుకుతాయి. జింప్‌లో ఆల్ట్‌తో వస్తుందా?

స్టూడియో_బాబాయి

వస్తుంది శారద గారూ. అప్పుడు గడి చుట్టూ ఆకుపచ్చ గీత పడుతుంది. కంట్రోల్ పట్టుకుని నొక్కితే మాస్క్ తాత్కాలికంగా పనిచేయడం మానేస్తుంది, గీత ఎర్రగా మారుతుంది. కొన్ని లినక్స్ యంత్రాల్లో ఆల్ట్ మీటను విండోల వ్యవస్థే లాగేసుకుంటుంది. వాళ్లు `Layer > Mask > Show Layer Mask` దగ్గరికి వెళ్లాలి.

నల్లమల_రవి

మాస్క్, లేయరు అంటుంటే నా బాధ గుర్తొచ్చింది. మా చెల్లి పెళ్లి ఆల్బమ్ చేసిన స్టూడియోవాళ్లు ఒక పేజీలో మా నాన్నగారి పేరు తప్పుగా వేశారు. ఫైలు అడిగితే జేపీజీ ఇచ్చారు. అందులోంచి లేయర్లు విడదీసే దారి ఉందా? పేరు ఒక్కటి మారిస్తే చాలు.

పిక్సెల్_పంతులు

లేదు రవి గారూ. జేపీజీలో లేయర్లు ఉండవు, అన్నీ ఒకే పొరగా అణిగిపోతాయి. పీఎస్‌డీ ఫైలు ఇవ్వమని పట్టుబట్టండి. లేకపోతే పేరున్నచోట వెనకున్న నేపథ్యాన్ని క్లోన్ పనిముట్టుతో కప్పి, మీద కొత్తగా రాసుకోవాలి. నేపథ్యం నునుపుగా ఉంటే గంటలోపు పని.

నల్లమల_రవి

నేపథ్యంలో పూల తోరణాలు ఉన్నాయి! సరే, పీఎస్‌డీ కోసం మళ్లీ ఫోన్ చేస్తాను. సుజాత గారూ, మీ చర్చలో దూరినందుకు ఏమీ అనుకోవద్దు.

సుజాత_గోదావరి

ఫరవాలేదండీ, లేయర్లు పోకుండా ఉండాలంటే నేను జింప్ సొంత ఫైలు రకం ఎక్స్‌సీఎఫ్‌గానే భద్రపరచాలని దానివల్ల తెలిసింది.

చీర మాస్క్ సరయింది. తెల్లటి గీత విషయం నాకు ఎవరూ చెప్పలేదు, ఇంతకాలం ఆ గడులను గమనించనే లేదు. ఇక అసలు ప్రశ్న మిగిలింది. నాలుగు మోడ్‌లు ఎందుకు?

పిక్సెల్_పంతులు

Multiply నీడలకు, Screen వెలుగులకు, Color రంగులకు. ఇంతే. మీ అన్నయ్య జరీకి Multiply ఎందుకు పెట్టాడో నాకైతే అర్థం కాలేదు. జరీ మెరిసే వస్తువు, దానికి Screen పెట్టాలి.

స్టూడియో_బాబాయి

ఇక్కడ పంతులు గారితో గట్టిగా విభేదిస్తున్నాను. వస్తువు ఏదన్నది చూసి మోడ్ ఎంచుకోకూడదు. దాని కింద స్కాన్‌లో బూడిద ఎంత ముదురుగా ఉందో చూసి ఎంచుకోవాలి. ఆ అబ్బాయికి ఇది తెలుసు. ప్యానెల్ చూస్తేనే అర్థమవుతోంది.

HSL Color మోడ్ ఏం చేస్తుందంటే, పై లేయరు నుంచి రంగును, దాని గాఢతను తీసుకుంటుంది. వెలుగు నీడలను మాత్రం కింద ఉన్నవాటినే ఉంచుతుంది. అందుకే చీర మడతలు, నీడలు చెక్కుచెదరకుండా ఆకుపచ్చగా మారతాయి. Normalలో గీస్తే మడతల మీద రంగు పూసినట్టు ఉండేది. అయితే ఈ మోడ్‌కు ఒక హద్దుంది. కింద ఉన్నది దాదాపు తెలుపైతే, వెలుగు మారకూడదు కాబట్టి తెలుపు తెలుపుగానే ఉండిపోతుంది. దాదాపు నలుపైతే నల్లగానే ఉండిపోతుంది. మధ్యస్థమైన బూడిద మీదే ఇది పండుతుంది. చీర, చర్మం అలాంటివి.

ఇప్పుడు జరీ చూడు. స్టూడియో దీపాల కింద జరీ అంచు ఫొటోలో తెల్లగా పేలిపోయి ఉంటుంది. సున్నా నలుపు, 255 తెలుపు అనే కొలతలో, కలర్ పికరుతో అక్కడ నొక్కితే 245 పైనే వస్తుందనుకుంటున్నాను. దాని మీద HSL Colorలో బంగారు రంగు ఎంత గీసినా పడదు. Multiply తెలుపు మీదే బాగా పడుతుంది. రెండు స్లైడ్ ఫిలింలను ఒకదాని మీద ఒకటి పెట్టి దీపం ముందు చూసినట్టు, కింద తెలుపైతే పై రంగు యథాతథంగా కనిపిస్తుంది, కింద బూడిదైతే ఆ రంగే ముదురుగా వస్తుంది. పంతులు గారు చెప్పిన Screen పెడితే తెలుపు మీద తెలుపే.

సుజాత_గోదావరి

అంచు మీద పికరుతో నొక్కి చూశాను. చాలాచోట్ల 250, అక్కడక్కడా 255. చీర మధ్యలో 130 నుంచి 150. బొట్టు దగ్గర 60.

స్టూడియో_బాబాయి

60 అన్నావు చూడు, అందుకే బొట్టుకు Screen. లెక్క చేసి చూపిస్తాను, మూడు మోడ్‌ల తేడా ఒక్కచోటే తెలుస్తుంది.

కింద 60 బూడిద ఉంది. దాని మీద HSL Colorలో నిండు ఎరుపు వేస్తే వెలుగు 60 దగ్గరే ఆగిపోవాలి. వచ్చేది 120, 0, 0. అది ఎండిన రక్తం రంగు, కుంకుమ కాదు. Multiplyలో 200, 0, 0 వేస్తే 200ను 60తో గుణించి 255తో భాగించాలి. 47 వస్తుంది. తెర మీద అది నలుపే. Screenలో ఇంకా తక్కువ ఎరుపు, 150, 0, 0 వేసినా చాలు:

```
255 - (255-60)*(255-150)/255 = 175
```

ఎరుపు 175కు చేరింది, మిగతా రెండూ 60 దగ్గరే ఉన్నాయి. 175, 60, 60 అంటే కంటికి కుంకుమే. Screen ఎప్పుడూ వెలుగును పెంచుతుంది, తగ్గించదు. ముదురు చోట్ల రంగు నింపాలంటే అదే దారి. కింద చర్మం లేయరు కూడా కొంచెం రంగు కలుపుతుంది కాబట్టి నీ తెర మీద అంకెలు కాస్త అటూ ఇటూ ఉంటాయి.

పిక్సెల్_పంతులు

లెక్క ఒప్పుకుంటున్నాను. జరీకి Multiply 100 పెట్టకుండా 60 ఎందుకు? మాస్క్‌లో బూడిద వేస్తే సరిపోయేది కదా, రెండూ ఒకటే.

డల్లాస్_శారద

ఒక్క చోట చూస్తే రెండూ ఒకటే. ఒపాసిటీ లేయరు మొత్తానికి ఒకే మీట, మాస్క్ చోటునుబట్టి మారుతుంది. జరీ అంతటా ఒకేలా తగ్గాలనుకుంటే ఒపాసిటీ హాయి. రేపు మనసు మారితే ఒక్కసారి జరిపితే చాలు.

చిత్రకళ_మాధవి

చర్మం 45 దగ్గర ఎందుకుందో ఎవరూ అడగలేదు. నేను బొమ్మలు వేస్తాను కాబట్టి ఒకటి చెబుతాను. మనిషి ముఖంలో ఒకే రంగు ఉండదు. నుదురు కాస్త పసుపు, బుగ్గలు, ముక్కు కొన, చెవులు ఎరుపు, కళ్ల కింద కాస్త చల్లటి ఛాయ. ఒకే రంగును 100 దగ్గర వేస్తే ముఖం ప్లాస్టిక్ బొమ్మలా కనిపిస్తుంది. 45కు తగ్గించడం వల్ల ఆ తప్పు కొంత మరుగున పడుతుంది కానీ పోదు. చర్మం లేయరులోనే బుగ్గల మీద కాస్త ఎర్రని ఛాయ, పెద్ద మెత్తటి కుంచెతో, చాలా తక్కువగా కలిపి చూడండి. తాతయ్య గారి చేతుల రంగు, ముఖం రంగు కూడా ఒకటి కాకూడదు.

ఫిలిం_రోల్_36

రంగులు వేసేముందు ఒక ప్రశ్న. చీర ఆకుపచ్చ అని ఎలా తెలుసు? బూడిదలోంచి రంగు తెలుసుకోలేం. ఎరుపు, పచ్చ, నీలం మూడూ ఒకే బూడిదగా పడే అవకాశముంది. పైగా పాత ఆర్థోక్రొమాటిక్ ఫిలిం ఎరుపును చూడలేదు. దానిమీద ఎర్ర చీర దాదాపు నల్లగా పడుతుంది. పాన్‌క్రొమాటిక్ ఫిలిం అన్ని రంగులనూ చూస్తుంది. బొట్టు 60 దగ్గరుందంటే నాకు మొదటి రకమేమో అనిపిస్తోంది.

స్టూడియో_బాబాయి

ఒక్క బొట్టును చూసి ఫిలిం ఏదో చెప్పలేం. కుంకుమ ముదురుగా ఉన్నా, నుదుటి మీద నీడ పడినా 60 రావచ్చు. 1966 నాటికి చాలా స్టూడియోల్లో పాన్‌క్రొమాటిక్ వచ్చేసింది.

సుజాత_గోదావరి

చీర రంగు మీద ఇంట్లోనే గొడవ ఉంది. అమ్మమ్మ చిలకపచ్చ అంటుంది. పెద్దత్త నెమలికంఠం రంగు అని పట్టుదలగా ఉంది, ఆ చీర తనే చాలాకాలం దాచానంటుంది. చీర ఇప్పుడు లేదు. అన్నయ్య పచ్చ వేశాడు.

వేకువ

పెళ్లికూతురి మాటే నిలబడాలి!

స్టూడియో_బాబాయి

రెండూ చేసి ఇద్దరికీ చూపించు. అందుకు లేయరును ఎలా కట్టుకోవాలో చెబుతాను. స్క్రీన్‌షాట్‌ను పెద్దది చేసి చూశాను. చీర వరుసలో మొదటి గడి అంతా ఒకే పచ్చ, ఎక్కడా చీర ఆకారం లేదు. ఆకారం మాస్క్‌లో ఉంది. నల్లటి గడిలో తెల్లటి చీర. అంటే ఆ అబ్బాయి చీర మీద పచ్చతో గీయలేదు. లేయరు మొత్తాన్ని పచ్చతో నింపేసి, `Add Layer Mask` దగ్గర Black ఎంచుకున్నాడు. దాంతో పచ్చంతా మాయమవుతుంది. తర్వాత మాస్క్ మీద తెల్లటి కుంచెతో చీరను గీశాడు. గీసినచోటల్లా పచ్చ తేలింది.

ఈ పద్ధతిలో రంగు వేరు, ఆకారం వేరు. ఆకారానికి పట్టిన శ్రమ ఒక్కసారే. చీరను నెమలికంఠం చేయాలంటే మొదటి గడి నొక్కి, లేయరును ఆ రంగుతో మళ్లీ నింపు. అంచులన్నీ అలాగే ఉంటాయి. లేయరుకు నకలు తీసి ఒకటి పచ్చ, ఒకటి నెమలికంఠం పెట్టుకుని కంటి గుర్తు నొక్కుతూ మార్చి చూపించవచ్చు.

అంచుల దగ్గర జాగ్రత్త. పాత లెన్సులో, పాత కాగితం మీద ఏ అంచూ కత్తిరించినట్టు ఉండదు. గట్టి కుంచెతో గీస్తే పూలదండ పక్కన పచ్చటి గీత నిలబడుతుంది. కుంచె హార్డ్‌నెస్ 60 దరిదాపుల్లో ఉంచు. మాస్క్ పూర్తయ్యాక దాని మీద `Gaussian Blur` ఒకటిన్నర, రెండు పిక్సెళ్లు వేయి. ముందు మాస్క్ గడి ఎంపికై ఉందో లేదో చూసుకో.

సుజాత_గోదావరి

పూలదండ పక్కన పచ్చటి గీత ఉంది, నిన్నటి నుంచి అదేమిటా అనుకుంటున్నాను.

‘ముదురు నకలు’ అన్న లేయరు ఒక్కటి మిగిలింది. పేరు చూస్తే స్కాన్‌కే నకలు. దానికి రంగు లేదు. మాస్క్‌లో ఎడమ పక్క తెలుపు, కుడికి వెళ్లేకొద్దీ నలుపు.

చిత్రకళ_మాధవి

ఫొటో ఎడమ పక్క వెలిసిపోయిందా? గోడ మీద కిటికీ పక్కన వేలాడదీసి ఉంటే అలాగే అవుతుంది.

సుజాత_గోదావరి

అవును. హాలులో ఎడమ వైపు కిటికీ ఉండేది. అమ్మమ్మ ఉన్న సగం బాగా వెలిసింది.

స్టూడియో_బాబాయి

మాధవి గారు పట్టేశారు. ఫొటోను తన నకలుతోనే Multiply చేస్తే ముదురుతుంది. వెలిసిన చెంప 200 దగ్గరుందనుకో, 200ను 200తో గుణించి 255తో భాగిస్తే 157. ఒపాసిటీ 50 కాబట్టి 180 దరిదాపుల్లో ఆగుతుంది. తాతయ్య పక్క వెలవలేదు, అక్కడ ముదరనక్కరలేదు. అందుకే మాస్క్‌లో ఎడమ నుంచి కుడికి గ్రేడియంట్ లాగాడు. వెలిసిన తీరు ఎలా తగ్గుతూ వచ్చిందో మాస్క్ కూడా అలాగే తగ్గుతూ వచ్చింది.

పిక్సెల్_పంతులు

ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. వెలిసిన ఫొటోకు Levels సరైన మందు. వెలిసినప్పుడు నలుపు బూడిదవుతుంది, 70 దగ్గర తేలుతుంది. Levelsలో ఆ 70ని నలుపుగా, 230ని తెలుపుగా పెడితే మధ్యలోని ఛాయలన్నీ సాగి సరిపోతాయి. Multiply నకలు తెలుపును కూడా ముదురు చేస్తుంది. 230 ఉన్నది 207 అవుతుంది. అమ్మమ్మ గారి జాకెట్టు మాసినట్టు కనిపిస్తుంది.

స్టూడియో_బాబాయి

తెలుపు మాసిపోతుందన్నది నిజం. అందుకే 50 దగ్గర ఆపాడేమో. కానీ జింప్ 2.10లో Levels ఆ లేయరు పిక్సెళ్లనే నేరుగా మార్చేస్తుంది. రేపు ఎక్కువైందనిపిస్తే ఒపాసిటీ జరిపినట్టు జరపలేం.

పిక్సెల్_పంతులు

స్కాన్‌కు నకలు తీసి, నకలు మీద Levels చేసి, దానికి అదే గ్రేడియంట్ మాస్క్ పెట్టండి. మోడ్ Normal. అప్పుడు ఒపాసిటీ మీటా ఉంటుంది, నలుపు నలుపుగా, తెలుపు తెలుపుగా ఉంటుంది. స్కాన్ కింద భద్రంగా ఉంటుంది.

డల్లాస్_శారద

నాకు పంతులు గారి మాటే బాగుంది. ఫొటోషాప్‌లో, ఫొటోపీలో అయితే Levelsనే ఒక సర్దుబాటు లేయరుగా పెట్టి మాస్క్ తగిలించవచ్చు, నకలు కూడా అక్కరలేదు.

స్టూడియో_బాబాయి

రెండూ చేసి పక్కపక్కన పెట్టి చూడమంటాను. అమ్మమ్మ కనుబొమ్మల కింద నీడలో వివరం ఏ పద్ధతిలో నిలిచిందో అదే ఉంచుకో. Levelsలో నలుపు మరీ లోపలికి లాగితే అక్కడ వివరం మూసుకుపోతుంది.

వేణువు

కొంచెం ఆలస్యంగా చూశాను. సుజాత గారూ, అసలు ప్రింటు మీ దగ్గరే ఉంటే మళ్లీ ఒకసారి స్కాన్ చేయండి, ఈసారి రంగులో. నలుపు తెలుపు ఫొటోకు రంగు స్కాన్ ఎందుకంటారేమో. పాత కాగితం మీద పసుపు మరకలు ఉంటాయి. ఆ మరక నీలం చానెల్‌లో నల్లగా, ఎరుపు చానెల్‌లో దాదాపు కనిపించనట్టుగా ఉంటుంది. `Colors > Components > Extract Component` దగ్గర ఎరుపు ఒక్కటే తీసుకుంటే సగం మరకలు వాటంతటవే పోతాయి. గ్రేస్కేల్ స్కాన్‌లో ఆ అవకాశం ముందే పోతుంది.

సుజాత_గోదావరి

ప్రింటు ఉంది. తాతయ్య పంచె మీద పెద్ద పసుపు మరక కూడా ఉంది. క్లోన్‌తో తుడవడం మొదలుపెట్టాను, ఆపేస్తున్నాను.

కృత్తిక

ఒక చిన్న మాట. 2.10లో HSL Color పక్కనే LCh Color కూడా ఉంది. HSL వెలుగును కొలిచే తీరు కంటికి సరిపడదు. పసుపు, నీలం రెండింటికీ ఒకే వెలుగు అంటుంది కానీ, కంటికి పసుపు ఎంతో ప్రకాశంగా, నీలం ముదురుగా కనిపిస్తుంది. నెమలికంఠం రంగు వేస్తే చీర ముదిరినట్టుగా ఉంటే LChకి మార్చి చూడండి. మడతల వెలుగు కంటికి అసలు ఫొటోలో ఉన్నట్టే నిలుస్తుంది.

స్టూడియో_బాబాయి

చీరకు మంచిదే కృత్తిక గారూ. నేను మాత్రం HSLనే నమ్ముకున్నాను. LChలో బాగా తెల్లగా ఉన్నచోట్ల రంగు హద్దు దాటి ముద్దలా నిలబడుతుంది. తెల్లటి పూలదండ మీదికి కుంచె కాస్త జారినా కనిపిస్తుంది.

కృత్తిక

అది మాస్క్ సరిగ్గా గీయకపోతే కదా వచ్చేది. మోడ్ తప్పు కాదు.

తొలకరి

ప్రింటరు సంగతి కాదని ఇప్పుడు అర్థమైంది. బొట్టు లేయరు అన్నిటికన్నా పైన ఎందుకుంది? చర్మం పక్కనే ఉంటే వెతకడం తేలిక కదా.

చిత్రకళ_మాధవి

మంచి ప్రశ్న. బొట్టును చర్మం కిందికి జరిపితే, చర్మం లేయరు దాని మీద కూడా చర్మపు రంగు వేసేస్తుంది. HSL Color కింద ఉన్న రంగును పట్టించుకోదు, వెలుగును మాత్రమే తీసుకుంటుంది. 45 దగ్గరున్నా కుంకుమ గోధుమ వన్నెకు తిరుగుతుంది. కిందికి దించాలంటే చర్మం మాస్క్‌లో బొట్టు ఉన్నచోట నల్ల చుక్క పెట్టాలి.

సుజాత_గోదావరి

రంగులో మళ్లీ స్కాన్ చేశాను, 600 డీపీఐలో. ఎరుపు చానెల్‌లో పంచె మీది మరక జాడ మాత్రమే మిగిలింది. వేణువు గారికి చాలా కృతజ్ఞతలు. తీసిన ఆ చానెల్ ఫొటోనే ‘స్కాన్’ లేయరుగా అడుగున పెట్టాను, మోడ్ RGB అనే ఉంది. ఎడమ సగానికి పంతులు గారి Levels నకలు ఒకటి, బాబాయ్ గారి Multiply నకలు ఒకటి చేశాను. కనుబొమ్మల కింద Multiply నల్లబడింది, Levelsలో కనురెప్పలు కనిపిస్తున్నాయి. జాకెట్టు మాత్రం Levelsలో తెల్లగా పేలిపోయింది, కుట్టుపని పోయింది.

పిక్సెల్_పంతులు

తెలుపు బిందువును 230 నుంచి 245కు జరపండి. కుట్టుపని తిరిగి వస్తుంది.

స్టూడియో_బాబాయి

లేదా Levels లేయరు మాస్క్‌లో జాకెట్టు మీద 40 శాతం నలుపు తిప్పు.

సుజాత_గోదావరి

245 పెడితే ముఖం మళ్లీ కాస్త మసకబారింది. మాస్క్ దారిలో వెళ్తున్నాను. చీరకు పచ్చ ఒకటి, నెమలికంఠం ఒకటి, రెండు లేయర్లూ సిద్ధం. నెమలికంఠానికి LCh, పచ్చకు HSL పెట్టాను. ఆదివారం పెద్దత్త వస్తోంది.